చెదలు మళ్లీ వచ్చాయని రాస్తే చాలదు

వారంటీ గడువులోనే చెదలు మళ్లీ కనిపించాయని పెస్ట్ కంట్రోల్ సంస్థలకు వెళ్లే ఉత్తరాలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. ఇంత డబ్బు కట్టాం, ఇన్నేళ్ల వారంటీ అన్నారు, చెదలు మళ్లీ పట్టాయి, వెంటనే మనిషిని పంపండి. జవాబు కూడా ఒకే తీరున వస్తుంది. ఒక కుర్రాడు చేతిపంపు పట్టుకుని వస్తాడు. కంటికి కనబడిన మట్టిచార మీద మందు కొడతాడు, సర్వీస్ రిపోర్టు మీద ఇంటివాళ్ల సంతకం తీసుకుని వెళ్లిపోతాడు. ఆ సంతకంతో కాగితం మీద ఫిర్యాదు తీరిపోయినట్టే. గోడ వెనక దారి మాత్రం అలాగే ఉంటుంది. నాలుగైదు నెలలకు పక్క గది దర్వాజాలో చెద బయటపడుతుంది. ఇలా రెండు మూడు సార్లు తిరిగేసరికి వారంటీ అయిపోతుంది.

ఈ చక్రం ఎక్కడ తెగుతుందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెదలు మళ్లీ వచ్చాయన్న ఫిర్యాదుకు ఉచితంగా ఇంకోసారి మందు కొట్టడమే సంస్థ దగ్గరున్న సమాధానం. చేస్తామన్న పని చేయలేదన్న ఫిర్యాదుకు మాత్రం లెక్క చెప్పక తప్పదు. కాబట్టి ఉత్తరం చెదల గురించి కాక పని గురించి రాయాలి. అలా రాయాలంటే ఆ పని ఎలా జరగాలో తెలిసి ఉండాలి.

తార్నాక చుట్టుపక్కల ఈ సమస్య రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ ఉంది. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఇది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. రాతి గోడలను చెద ఏమీ చేయలేదు కానీ, ఆ గోడల మధ్య ఉన్న తలుపులు, అల్మారాలు, ఫైళ్ల బీరువాలు, పుస్తకాల ర్యాకులు దానికి తిండే. ఆవరణలో నడుస్తుంటే చెట్ల బెరడు మీద మట్టి మెత్తినట్టు పొరలు కనిపిస్తాయి, ఖాళీ స్థలాల్లో పుట్టలు కనిపిస్తాయి. రెండోవైపు తార్నాక ఉంది. పెరడూ చెట్లూ ఉన్న పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిన చోట పాత చెట్ల మొదళ్లు, వేళ్లు, సెంట్రింగ్ చెక్క ముక్కలు పునాది మట్టిలోనే ఉండిపోతాయి. పైన కొత్త ఇల్లు, కింద చెదలకు ఏళ్ల తరబడి సరిపడా మేత. క్యాంపస్‌లో వినియోగదారు ఒక సంస్థ, తార్నాకలో ఒక కుటుంబం. ఉత్తరం రాసే తీరు ఈ తేడాను బట్టి మారుతుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

మన ఇళ్లను పట్టే చెదల్లో ఎక్కువ భాగం నేలలోంచి వచ్చేవే. గూడు మట్టిలో ఎక్కడో ఉంటుంది, ఒక్కోసారి పక్కవాళ్ల స్థలంలో కూడా ఉండవచ్చు. మేత కోసం వచ్చే చెదలకు గాలి తగిలితే ఒంట్లో తేమ ఆరిపోతుంది. అందుకే మట్టితో సన్నటి గొట్టాలు కట్టుకుంటూ, ఆ చాటునే చెక్క దాకా ప్రయాణిస్తాయి. క్యాంపస్ చెట్ల మీద మట్టిపొర వేసేవి, పుట్టలు పెట్టేవి ఎక్కువగా ఓడోంటోటెర్మిస్ జాతివి. ఇంట్లో దర్వాజాలను లోపల్లోపల తొలిచేవాటిలో కాప్టోటెర్మిస్, హెటెరోటెర్మిస్ జాతులూ ఉంటాయి. ఏ జాతిదైనా చికిత్స సూత్రం ఒకటే. ఇంటి కింద, ఇంటి చుట్టూ ఉన్న మట్టిని మందుతో తడిపి, చెదలు ఎక్కడి నుంచి వచ్చినా ఆ మట్టిని దాటకుండా చేయాలి. కనబడిన గొట్టం మీద కొట్టిన మందుకు ఆ గొట్టంలో ఉన్నవి చస్తాయి. గూడుకు ఏమీ కాదు, దారీ మూసుకుపోదు.

కట్టిన ఇంటికి ఈ పని ఎలా చేయాలో భారతీయ ప్రమాణాల సంస్థ రాసిపెట్టింది. ఐఎస్ 6313 అనే ప్రమాణంలో మూడో భాగం పూర్తిగా దీని గురించే. అందులో ఫిర్యాదుదారుకు పనికొచ్చే సంగతులు నాలుగున్నాయి. గోడా నేలా కలిసే అంచు వెంట 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయాలి. ఆ రంధ్రం ఫ్లోరింగ్ దాటి కింది మట్టి దాకా దిగాలి. మట్టి ఇక తాగనన్నంత వరకు, లేదా రంధ్రానికి గరిష్ఠంగా ఒక లీటరు దాకా మందు ద్రావణం పంపుతో పోసి, తర్వాత రంధ్రం మూసేయాలి. చెద పట్టిన దర్వాజాలకైతే చెక్కా గోడా కలిసే చోట ఏటవాలుగా సన్న రంధ్రాలు వేసి, నూనెలో కలిపిన మందు ఎక్కించాలి. కాంట్రాక్టు కాగితంలో ఐఎస్ 6313 పేరు ఉందేమో ముందు చూసుకోండి. చాలా సంస్థలు ప్రచారం కోసమైనా దాని పేరు వేసుకుంటాయి. పేరు వేసుకున్నాక దానికి కట్టుబడాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. తార్నాకలో గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు పడక గదుల ఇల్లు అనుకుందాం. హాలు, పడక గదులు, వంటగది కలిపి గోడ అంచుల పొడవు 60 మీటర్లు ఉందనుకుందాం. 30 సెంటీమీటర్లకు ఒకటి అంటే 200 రంధ్రాలు. ఒక్కోదానికి లీటరు పడితే 200 లీటర్ల ద్రావణం, మట్టి సగమే తాగితే 100 లీటర్లు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీని చెదల కోసం 0.075 శాతానికి పలచన చేస్తారు. అంటే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల మందు. 100 లీటర్లకు 210, 200 లీటర్లకు 420 మిల్లీలీటర్లు కావాలి. పనివాళ్లు 100 మిల్లీలీటర్ల సీసా ఒకటే తెచ్చి ఇల్లంతా ముగించారనుకోండి. సరైన గాఢతలో ఆ సీసాతో తయారయ్యే ద్రావణం 48 లీటర్లకు మించదు. 200 రంధ్రాలకు పంచితే ఒక్కోదానికి పావు లీటరు కూడా రాదు. లేదంటే నీళ్లు ఎక్కువ పోసి మందును పలచన చేసి ఉండాలి. రెంటిలో ఏది జరిగినా వారంటీ మొదటి రోజే దెబ్బతిన్నట్టు. దీన్ని రుజువు చేయడానికి రసాయన శాస్త్రం చదివి ఉండక్కర్లేదు. ఖాళీ సీసా ఫొటో, వాడిన బకెట్ల సంఖ్య, గోడ వెంట కనబడే తెల్ల సిమెంటు చుక్కలు ఉంటే చాలు.

ఆ తెల్ల చుక్కలు నిజంగా గొప్ప సాక్ష్యం. ఇల్లు మారినా, పనివాళ్లు మారినా అవి అక్కడే ఉంటాయి. టేపు పట్టి ఒక్కో గోడ పొడవు కొలవండి, చుక్కలు లెక్కపెట్టండి. 60 మీటర్లకు 90 చుక్కలే ఉంటే సగటు దూరం 67 సెంటీమీటర్లు. మధ్యలో మందు తడపని మట్టి మిగిలిపోయిందని ఆ లెక్కే చెబుతుంది. లోతు తేల్చడానికీ తేలిక మార్గం ఉంది. సంస్థ మనిషి తనిఖీకి వచ్చినప్పుడు అతని ఎదుటే రెండు మూడు చుక్కలు తెరిపించి, తిన్నని ఇనుప తీగ దించి చూడాలి. టైలు, దాని కింద సిమెంటు పరుపు దాటకుండా ఐదారు సెంటీమీటర్ల దగ్గరే తీగ ఆగిపోతే ఆ రంధ్రం మట్టిని చేరలేదు. అలాంటి రంధ్రంలో పోసిన మందు పోసిన క్షణమే పైకి చిమ్ముతుంది. పని జరిగిన రోజు నేల మీద మందు మడుగులు కట్టిందని గుర్తుంటే ఆ సంగతి కూడా ఉత్తరంలో రాయాలి.

చికిత్స విఫలం కావడానికి రంధ్రాల లెక్క ఒక్కటే కారణం కాదు. మందు రకం కూడా ఉంటుంది. బైఫెంత్రిన్ లాంటివి చెదలను తరిమేస్తాయి. చెదలు వాటిని పసిగట్టి పక్కకు తప్పుకుంటాయి, ఎక్కడ చిన్న ఖాళీ దొరికితే అక్కడ దూరతాయి. ఇలాంటి మందుతో పని చేసినప్పుడు 67 సెంటీమీటర్ల దూరం మరీ పెద్ద తప్పు. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ లాంటివాటిని చెదలు గుర్తుపట్టలేవు. మందున్న మట్టిలోంచే నడిచి, నెమ్మదిగా చస్తాయి. కాబట్టి ఈ మందులు వాడిన తొలి వారాల్లో చెదలు కనబడితే చికిత్స విఫలమైందని తేల్చేయకూడదు. ఫొటో తీసి, తేదీ రాసుకుని ఆగాలి. రెండు మూడు నెలలు దాటాక కూడా బతికున్న చెదలు కనిపిస్తే అప్పుడు రాయాలి. ఒకప్పుడు వాడిన ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, లిండేన్ మట్టిలో చాలా ఏళ్లు నిలిచేవి. నిలిచిపోయే ఆ గుణమే మనుషులకూ నేలకూ హాని కనుక వాటిని నిషేధించారు. అప్పట్లో ఒకసారి కొడితే ఇరవై ఏళ్లు చెద కనిపించలేదని పెద్దలు చెప్పే మాటను ఇప్పటి మందులతో పోల్చి ఉత్తరంలో రాస్తే ఉపయోగం లేదు.

కొన్నిసార్లు తప్పు ఇంటివాళ్ల వైపూ ఉంటుంది. పూజగదిలో డ్రిల్లింగ్ వద్దంటారు, కొత్త మార్బుల్ పగులుతుందని హాలు వదిలేయమంటారు, నిలువెత్తు వార్డ్‌రోబు జరపడానికి ఒప్పుకోరు. వదిలేసిన ఆ ఐదారు మీటర్లే చెదకు దారి అవుతుంది. సర్వీస్ రిపోర్టులో కింద చిన్నక్షరాల్లో 'కస్టమర్ నిరాకరించారు' అని రాసి ఉంటుంది, మనం చూడకుండా సంతకం పెట్టి ఉంటాం. ఉత్తరం రాసేముందు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం మంచిది. స్నానాలగది పైపు కారి గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటే ఏ మందూ ఎక్కువ కాలం కాపాడలేదు. చాలా వారంటీ పత్రాల్లో లీకేజీ మినహాయింపు ఉండటం అన్యాయమేమీ కాదు.

పై అంతస్తుల సంగతి వేరు. మూడో అంతస్తులో ఫ్లాటు నేల కింద మట్టి ఉండదు, స్లాబు ఉంటుంది. అక్కడ 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు పోస్తే పునాదికి రక్షణ ఏదీ కలగదు. చెద కింది నుంచి పైపుల డక్టు గుండానో, కరెంటు పైపుల గుండానో, లిఫ్టు గోడ వెంటో ఎక్కి వస్తుంది. కింద పార్కింగు అంచుల్లో, డక్టుల అడుగున, భవనం చుట్టూ మట్టిలో మందు పడకుండా ఒక్క ఫ్లాటుకు ఐదేళ్ల వారంటీ రాసిచ్చే సంస్థ తాను నిలబెట్టుకోలేని మాట ఇస్తోంది. అలాంటి వారంటీ చేతిలో ఉన్నవాళ్లు తమ ఉత్తరంతో పాటు అసోసియేషన్ తరఫున కూడా ఒక ఉత్తరం రాయించాలి.

ఉత్తరానికి ముందు సాక్ష్యం కూడగట్టాలి. మట్టిచార కనబడగానే చీపురుతో దులిపేయడం అందరూ చేసే పొరపాటు. దాన్ని అలాగే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. తర్వాత గొట్టం మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే పగలగొట్టాలి. మర్నాడో, ఆ మర్నాడో ఆ ఖాళీ తడి మట్టితో మళ్లీ పూడి ఉంటే లోపల చెదలు బతికే ఉన్నాయి. ముందు, తర్వాత ఫొటోలు రెండూ పక్కపక్కన పెడితే 'అది పాత చార' అన్న జవాబు చెల్లదు. పెద్ద తలలున్న సైనిక చెదలు దొరికితే నాలుగైదింటిని చిన్న సీసాలో స్పిరిట్‌లో వేసి దాచాలి. జాతి గుర్తించడానికి పనికొచ్చేది వాటి తలలే. కాప్టోటెర్మిస్ సైనిక చెదను కదిలిస్తే నుదుటి నుంచి పాలలాంటి చుక్క వస్తుంది. విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగం పక్కనే ఉన్న ప్రాంతంలో, ఆ సీసా చూపించి రెండు వాక్యాలు రాయించుకోవడానికి ప్రయత్నించడం దండగ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పొడి చెక్కలోనే బతికే చెదలు, పుచ్చు పురుగులు కూడా ఉన్నాయి. అవి మట్టి తేవు. పుచ్చు పట్టిన చెక్క నుంచి పిండిలాంటి పొడి రాలుతుంది, పొడి చెక్క చెద నుంచి గసగసాల్లాంటి గట్టి రెట్టలు రాలుతాయి. వీటికి నేలలో పోసిన మందు పనిచేయదు, వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. తొలకరి వానకు దీపం చుట్టూ మూగిన ఉసిళ్లను సాక్ష్యంగా చూపినా నిలవదు, అవి బయటి నుంచి వచ్చి ఉండవచ్చు. అదే ఉసిళ్లు కిటికీలు మూసి ఉన్న గదిలో దర్వాజా సందులోంచి బయటికి వస్తుంటే మాత్రం వీడియో తీయాలి. గోడలోనే వాటి సంసారం ఉందనడానికి అంతకంటే గట్టి గుర్తు లేదు.

ఇవన్నీ చేతిలో ఉన్నాక ఉత్తరం రాయడం కష్టం కాదు. పైన లెక్క వేసిన ఇంటికే రాస్తే ఇలా ఉంటుంది.

"మేనేజర్ గారికి. తార్నాకలోని మా ఇంటికి మీ సంస్థ చేసిన చెదల నివారణ పని గురించి ఈ ఫిర్యాదు. బిల్లు నంబరు, వారంటీ కార్డు నంబరు, పని చేసిన తేదీ పైన ఇచ్చాను, నకళ్లు జతచేశాను. పని జరిగిన ఏడో నెలలో వంటగది దర్వాజా దగ్గర, పడకగది వార్డ్‌రోబు వెనక బతికున్న చెదలు కనిపించాయి. మట్టిగొట్టం పగలగొట్టిన రోజున, రెండు రోజుల తర్వాత తీసిన ఫొటోలు జతచేశాను. గొట్టం మళ్లీ పూడి ఉంది. మీ కాంట్రాక్టులో ఐఎస్ 6313 ప్రకారం పని చేస్తామని ఉంది. ఇంట్లో గోడ అంచుల పొడవు 60 మీటర్లు, మూసిన రంధ్రాలు 90. గదుల వారీ లెక్క జతచేశాను. వంటగదిలో సింకు వైపు గోడకు ఒక్క రంధ్రమూ లేదు, అక్కడ డ్రిల్లింగ్ వద్దని మేము చెప్పలేదు. వాడిన మందు పేరు, గాఢత, మొత్తం ఎన్ని లీటర్లన్నది సర్వీస్ రిపోర్టులో రాయలేదు.

కాబట్టి ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో అర్హత గల మీ అధికారి స్వయంగా వచ్చి, మా ఎదుట మూడు రంధ్రాలు తెరిచి లోతు చూసి, రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. కనబడిన చోట మాత్రమే మందు కొట్టడాన్ని మేము అంగీకరించం, ప్రమాణం ప్రకారం మొత్తం పని మళ్లీ చేయాలి. మొదటిసారి వాడిన మందు పేరు, బ్యాచ్ నంబరు, గాఢత, పరిమాణం, మీ లైసెన్సు నకలు పంపాలి. వారంటీ తిరిగి పని చేసిన తేదీ నుంచి మొదలవ్వాలి. పాడైన దర్వాజా బాగుచేయడానికి వడ్రంగి ఇచ్చిన అంచనా జతచేశాను, ఆ ఖర్చు భరించాలి. మా నీటి సంపు వంటగది గోడకు దగ్గరగా ఉంది, ఆ వైపు పని మొదలుపెట్టే ముందు ఏ జాగ్రత్త తీసుకుంటారో రాయాలి. 15 రోజుల్లో ఈ పనులు జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం."

ఇందులో కోపం లేదు, మోసం అన్న మాట లేదు. ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితమో ఫొటోనో ఉంది. సంపు గురించిన వాక్యం చాలామంది రాయరు. రాయాలి. తాగునీటిలో ఈ మందు కలిస్తే చెదల కంటే పెద్ద కష్టం. స్పీడ్ పోస్టులో పంపి, రసీదూ అందినట్టు రుజువూ దాచి, అదే ఉత్తరాన్ని ఈమెయిల్‌లో కూడా పంపాలి. ఫోన్లో మాట్లాడినదంతా ఆ సాయంత్రమే రెండు వాక్యాల సందేశంగా వాళ్లకు పంపితే అదీ రికార్డే.

లైసెన్సు ఎందుకు అడగాలంటే, ఇళ్లలో వ్యాపారంగా పురుగుమందు వాడే సంస్థకు 1971 నాటి కీటకనాశినుల నిబంధనల కింద లైసెన్సు తప్పనిసరి. దానికి వ్యవసాయ పట్టా గానీ, రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టుగా సైన్సు పట్టా గానీ ఉన్న మనిషి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందినవాడు ఉండాలి. ఆ శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఇప్పుడు దాని పేరు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. అంత శిక్షణ పొందిన మనిషి ఆఫీసులో ఉంటే, ఇంటికి వచ్చేది చేతులకు గ్లవుజులు కూడా లేని కుర్రాళ్లు. ఎన్ని రంధ్రాలు వేయాలో, ఎంత మందు కలపాలో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. రోజుకు ఇన్ని ఇళ్లు ముగించాలన్న ఒత్తిడి మాత్రం వాళ్ల మీద ఉంటుంది. ఉత్తరంలో ఆ కుర్రాళ్ల పేర్లు రాసి నిందించడం నాకు న్యాయంగా అనిపించదు. బాధ్యత లైసెన్సు ఉన్నవాళ్లది.

ఇక చట్టం. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సేవాలోపాన్ని విశాలంగా నిర్వచించింది. ఒప్పుకున్న పనిని ఆ నాణ్యతలో, ఆ పద్ధతిలో చేయకపోవడం లోపమే. వినియోగదారుకు తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా లోపమే. మందు పేరూ పరిమాణమూ చెప్పమని రాతపూర్వకంగా అడగమన్నది అందుకే. అడిగినా చెప్పకపోతే చెదల సంగతి తేలకముందే ఒక లోపం రికార్డుకెక్కుతుంది. పాత చట్టంలో అవతలి సంస్థ ఉన్న చోట గానీ, ఫిర్యాదుకు కారణం పుట్టిన చోట గానీ వేయాల్సి వచ్చేది, ఇప్పుడు ఫిర్యాదుదారు ఉంటున్న చోట కూడా వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కొన్ని సంస్థలు అక్కడే దిగివస్తాయి.

చట్టం హద్దులు కూడా తెలుసుకోవాలి. లోపం ఉందని నిరూపించాల్సిన భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు రవ్‌నీత్ సింగ్ బగ్గా కేసులో స్పష్టంగా చెప్పింది. తెల్ల చుక్కల లెక్క మీద నేనింత పట్టుబట్టడానికి కారణం అదే. ఇంకో హద్దు వారంటీ పత్రంలోనే ఉంటుంది. 'మా బాధ్యత ఉచితంగా మళ్లీ చికిత్స చేయడం వరకే, చెక్క సామానుకు నష్టపరిహారం ఇవ్వం' అన్న షరతు దాదాపు అన్ని చోట్లా కనిపిస్తుంది. సంతకం పెట్టిన కాగితంలో బాధ్యతకు పరిమితి ఉంటే దానికి కట్టుబడాల్సిందేనని 1996లో భారతీ నిట్టింగ్ కంపెనీ వేసిన కొరియర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షరతే అన్యాయమైనదని సవాలు చేయాలంటే కొత్త చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్ దాకా వెళ్లాలి. కాబట్టి లక్ష రూపాయల వార్డ్‌రోబు డబ్బంతా వస్తుందన్న ఆశతో ఉత్తరం రాయకూడదు. పని పూర్తిగా మళ్లీ చేయించుకోవడం, లేదా కట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడం, కొంత పరిహారం, ఖర్చులు. అందే దూరంలో ఉన్నవి ఇవి. వారంటీ పత్రంలో రాసిన మళ్లీ చికిత్స కూడా కనబడిన చార మీద చల్లి పోవడంతో తీరిపోదని వాదించడానికి ప్రమాణం తోడుంటుంది.

ఇంకొకటి, అన్నింటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది, గడువు. కమిషన్‌కు వెళ్లడానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లే సమయం. వారంటీ ఐదేళ్లుంది కదా అని, సంస్థ మనిషి ఆరు నెలలకోసారి వచ్చి చల్లిపోతున్నాడు కదా అని ఆగితే ఆ రెండేళ్లు జారిపోతాయి. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినంత మాత్రాన గడువు పెరగదు.

క్యాంపస్ విషయం వేరని ముందే అన్నాను. అక్కడ పని టెండరు మీద జరుగుతుంది, కాంట్రాక్టరుతో ఒప్పందం భవనాల విభాగానిది. క్వార్టర్స్‌లో ఉన్న అధ్యాపకుడు నేరుగా సంస్థకు రాస్తే 'మా ఒప్పందం మీతో కాదు' అంటారు. అతను ఇంజనీరుకు రాసి, నకలు సంస్థకు పంపాలి. డబ్బు ఇచ్చినవారి సమ్మతితో సేవను అనుభవించే వ్యక్తిని కూడా చట్టం వినియోగదారుగానే చూస్తుంది కాబట్టి కమిషన్ దారి అతనికి పూర్తిగా మూసుకుపోలేదు. టెండరు పనుల్లో ఒక మేలు ఉంది. బిల్లులో కొంత మొత్తాన్ని పని నాణ్యత తేలేదాకా ఆపి ఉంచే వీలుంటుంది. ఆ డబ్బు విడుదల కాకముందే ఫిర్యాదు ఫైలు చేరాలి. గ్రంథాలయాల్లో, విభాగాల్లో ర్యాకులు గోడకు ఆనించి ఉంటే రంధ్రాలు వేయడమే కుదరదు. ముందు వాటిని జరిపించే బాధ్యత విశ్వవిద్యాలయానిది. ఆ పని చేయకుండా సంస్థను తప్పుపడితే ఫైలు నిలబడదు.

కుటుంబాల చేతిలో మాత్రం ఆపి ఉంచిన డబ్బు ఉండదు. పని ముగిసిన సాయంత్రమే మొత్తం ఇచ్చేస్తారు. అందుకే తార్నాకలో గానీ ఇంకెక్కడైనా గానీ ఈ పని చేయించుకోబోయేవారికి నా విన్నపం ఒకటుంది. సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు, పనివాళ్లు ఇంకా ఇంట్లో ఉండగానే, అదే కాగితం మీద మీ చేత్తో రాయండి: మందు పేరు, ఖాళీ అయిన సీసాలు, మొత్తం లీటర్లు, గది వారీగా రంధ్రాలు. వాళ్లతో కూడా సంతకం చేయించి ఫొటో తీసుకోండి. ఆ నాలుగు వివరాలు లేని రిపోర్టు మీద సంతకం పెట్టకండి.